రెండు వేలు కట్టినా బిల్లు పెరిగింది: క్రెడిట్ కార్డు మినిమం వెనుక లెక్క

విశాఖపట్నంలో ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి ఉక్కపోత మొదలవుతుంది. ద్వారకానగర్, గాజువాక షాపుల్లో ఏసీల అమ్మకాలు ఊపందుకునే సమయం అది. గాజువాకలో ఉండే ఒక ప్రైవేటు ఉద్యోగి ఏప్రిల్ 20న క్రెడిట్ కార్డు మీద 40,000 రూపాయలకు ఏసీ కొన్నాడనుకుందాం. మే 18న బిల్లు వచ్చింది. మొత్తం కట్టాల్సింది 40,000, కనీసం కట్టాల్సింది 2,000, గడువు జూన్ 7. పిల్లల స్కూలు ఫీజుల నెల కావడంతో అతను గడువులోగా 2,000 కట్టి, మిగిలిన 38,000 మెల్లగా తీర్చుకోవచ్చనుకున్నాడు. ఆ తర్వాత కార్డు అసలు వాడలేదు. జూన్ 18న వచ్చిన బిల్లు మాత్రం 38,000 కాదు, దాదాపు 41,100.

బ్యాంకు తప్పు లెక్క వేసిందని అతనికి అనిపించడం సహజం. కానీ ఇందులో లెక్క తప్పలేదు. కార్డు ఒప్పందంలో ఉన్న షరతులే ఇలా పనిచేస్తాయి. ఈ ఒక్క కేసును చివరిదాకా చూస్తే బిల్లింగ్ సైకిల్ ఏమిటో, వడ్డీ లేని గడువు ఎవరికి దొరుకుతుందో, మినిమం కట్టడం ఎందుకంత ఖరీదైన పనో మూడూ తెలుస్తాయి.

ముందు తేదీల సంగతి. ప్రతి కార్డుకూ నెలలో ఒక బిల్లు తేదీ ఉంటుంది. ఈ ఉద్యోగి కార్డుకు అది 18. అంటే ఏప్రిల్ 19 నుంచి మే 18 వరకు చేసిన ఖర్చులన్నీ మే 18 బిల్లులోకి వస్తాయి. దీన్నే బిల్లింగ్ సైకిల్ అంటారు. బిల్లు తయారైన రోజు నుంచి కట్టడానికి మరికొన్ని రోజులు ఇస్తారు. చాలా కార్డుల్లో ఇది 18 నుంచి 20 రోజుల దాకా ఉంటుంది. ఈ కార్డులో 20 రోజులు కాబట్టి గడువు జూన్ 7 అయింది.

'50 రోజుల దాకా వడ్డీ లేదు' అని కార్డు అమ్మేటప్పుడు చెప్పే మాటకు మూలం ఇదే. ఏప్రిల్ 19న, అంటే సైకిల్ మొదటి రోజున కొన్న వస్తువుకు జూన్ 7 వరకు 49 రోజులు దొరుకుతాయి. అదే వస్తువు ఒక్క రోజు ముందు, ఏప్రిల్ 18న కొని ఉంటే అది ఆ రోజు బిల్లులోనే పడి, మే 8కల్లా కట్టాల్సి వచ్చేది. అంటే 20 రోజులే. ఒక్క రోజు తేడాకు నెల రోజుల గడువు పోతుంది. కాబట్టి 50 రోజులన్నది అందరికీ, ప్రతి కొనుగోలుకూ వచ్చేది కాదు. సైకిల్ మొదట్లో కొంటే ఎక్కువ రోజులు, చివర్లో కొంటే తక్కువ రోజులు. పెద్ద వస్తువు కొనే ముందు బిల్లు తేదీ ఒకసారి చూసుకుంటే, పైసా ఖర్చు లేకుండా నెల రోజుల వెసులుబాటు దొరుకుతుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. షాపులో కార్డు గీకిన రోజుకూ, అది బ్యాంకు ఖాతాలో నమోదయ్యే రోజుకూ ఒకటి రెండు రోజుల తేడా రావచ్చు. బిల్లు తేదీకి అటూ ఇటూ ఉన్న రోజుల్లో ఈ లెక్కను మరీ నమ్ముకోకూడదు.

ఇక్కడి వరకు చాలామందికి తెలుసు. తెలియనిది దీని వెనకున్న షరతు. వడ్డీ లేని గడువు అనేది ఏసీకి ఇచ్చిన గడువు కాదు, ఆ 40,000కి ఇచ్చినదీ కాదు. బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టినవారికి మాత్రమే బ్యాంకు ఇచ్చే మినహాయింపు అది. మొత్తం కట్టకపోతే మినహాయింపు రద్దవుతుంది. రద్దవడం అంటే జూన్ 7 తర్వాతి రోజు నుంచి వడ్డీ మొదలవడం కాదు. ఏసీ కొన్న ఏప్రిల్ 20 నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. అప్పటిదాకా గడిచిపోయిన రోజులు కూడా వడ్డీ రోజులుగా మారిపోతాయి. గడువు దాటాక మాత్రమే వడ్డీ పడుతుందన్న నమ్మకం చాలా బలంగా ఉంది కాబట్టి, మొదటిసారి మినిమం కట్టినవారికి తర్వాతి బిల్లు చూడగానే టెన్షన్ మొదలవుతుంది.

మన ఉద్యోగి బిల్లును ఇప్పుడు లెక్క కడదాం. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. సంవత్సరానికి 42 శాతం. దేశంలో చాలా సాధారణ కార్డులు ఈ చుట్టుపక్కల రేటులోనే ఉంటాయి. వడ్డీని రోజువారీగా లెక్కిస్తారు. ఏప్రిల్ 20 నుంచి జూన్ 18 బిల్లు రోజు వరకు ఏప్రిల్‌లో 11, మేలో 31, జూన్‌లో 18, మొత్తం 60 రోజులు. కట్టేసిన 2,000 మీద వడ్డీ వదిలేసి, బాకీ ఉన్న 38,000 మీదే లెక్క వేద్దాం.

38,000కి 42 శాతం చొప్పున 60 రోజుల వడ్డీ 2,624 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 472. మామూలు అప్పుల వడ్డీ మీద జీఎస్టీ లేదు. ఆ మినహాయింపు నుంచి క్రెడిట్ కార్డు వడ్డీని బయట పెట్టారు కాబట్టి ఇక్కడ పన్ను పడుతుంది. రెండూ కలిపితే 3,096. బాకీ 38,000కి ఇది కలిస్తే 41,096. చేతి నుంచి 2,000 పోయాక కూడా బాకీ మొదటికన్నా 1,096 ఎక్కువ. కట్టిన 2,000 ఎక్కడికీ పోలేదు, అది అసలులోనే తగ్గింది. కానీ అదే సమయంలో 60 రోజుల వడ్డీ ఒక్కసారిగా వచ్చి పడింది.

ఈ మొదటి దెబ్బ తర్వాత రెండో నష్టం మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. పాత బిల్లులో బాకీ ఉన్నంత కాలం కొత్త కొనుగోళ్లకు కూడా వడ్డీ లేని గడువు ఉండదు. మన ఉద్యోగి జూన్ 25న సూపర్ మార్కెట్‌లో 3,000 రూపాయల సరుకులు అదే కార్డు మీద కొన్నాడనుకోండి. బాకీ లేని కార్డు అయితే ఆ 3,000కి ఆగస్టు మొదటి వారం దాకా వడ్డీ లేదు. బాకీ ఉన్న కార్డు కాబట్టి జూన్ 25 నుంచే నూటికి 3.5 చొప్పున వడ్డీ నడుస్తుంది. పెట్రోలు, మందులు, కరెంటు బిల్లు, ఏది గీకినా అదే తీరు. రివార్డు పాయింట్ల కోసం నెల ఖర్చులన్నీ కార్డు మీదే పెట్టే అలవాటున్నవారికి ఇది పెద్ద నష్టం. పాయింట్ల రూపంలో వచ్చేది సాధారణంగా నూటికి రూపాయో, అంతకంటే తక్కువో. ఒక్క నెల బాకీ మోసినా అంతకు మూడు నాలుగు రెట్లు వడ్డీగా వెళ్లిపోతుంది.

ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే దానికి బాకీ ఉన్నా లేకున్నా గడువు ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ, పైగా విడిగా ఫీజు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక నెల ఇబ్బంది పడి మినిమం కట్టారు, సరే. ఆ తర్వాత కూడా నెల నెలా మినిమం మాత్రమే కడుతూ పోతే అప్పు ఎప్పటికి తీరుతుంది?

మన ప్రాంతంలో వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి. తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి చేబదులు తీసుకోవాలంటేనే ఇంట్లో పదిసార్లు ఆలోచిస్తారు. అదే భాషలో చెబితే క్రెడిట్ కార్డుది మూడున్నర రూపాయల వడ్డీ. జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. నోటు రాసుకుని నాలుగు రూపాయల వడ్డీకి అప్పు ఇస్తామని ఎవరైనా అంటే వెనక్కి తగ్గే కుటుంబాలు, కార్డు మీద అంతకన్నా ఎక్కువకే నెలల తరబడి మోస్తున్నాయి. కారణం, కార్డు బిల్లులో కొట్టొచ్చినట్టు కనిపించేది వడ్డీ రేటు కాదు, 2,000 అనే చిన్న అంకె.

ఆ చిన్న అంకె ఎలా వస్తుందో చూడాలి. చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి, బిల్లులో 5 శాతం. నెలకు ఖర్చు 4.13 శాతం, కట్టేది 5 శాతం. రెంటికీ తేడా చాలా సన్నం. లెక్క ఇలా నడుస్తుంది. 100 రూపాయల బాకీ నెల తిరిగేసరికి వడ్డీ, జీఎస్టీతో 104.13 అవుతుంది. అందులో 5 శాతం అంటే 5.21 కడతారు. మిగిలేది 98.92. నెలంతా మోసి, ఐదు రూపాయల పైచిలుకు కట్టాక, అప్పు తగ్గింది ఒక్క రూపాయి ఎనిమిది పైసలు. కట్టిన ప్రతి ఐదు రూపాయల్లో నాలుగు వడ్డీకీ పన్నుకూ పోయి, ఒకటే అసలుకు చేరింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మినిమం అనేది బాకీలో శాతం కాబట్టి, బాకీ తగ్గేకొద్దీ కట్టమని అడిగే మొత్తం కూడా తగ్గుతుంది. ఇంటి అప్పులో ఈఎంఐ ఒకే మొత్తంగా ఉంటుంది కాబట్టి, కాలం గడిచేకొద్దీ అందులో అసలు వాటా పెరుగుతూ పోతుంది. కార్డు మినిమంలో అలా జరగదు. బాకీ తగ్గినా కట్టేదాంట్లో అసలు వాటా అదే అయిదో వంతు దగ్గర నిలబడిపోతుంది. అందుకే దీనికి అంతు కనిపించదు.

మన ఉద్యోగి జూలై 8న కూడా 5 శాతం, అంటే 2,055 కట్టాడనుకుందాం. బాకీ 39,041. ఇక కార్డు మీద ఒక్క రూపాయి కూడా వాడకుండా, ప్రతి నెలా క్రమం తప్పకుండా మినిమం కడుతూ పోయాడు. ఒక్క గడువు కూడా తప్పలేదు, ఒక్క లేటు ఫీజు కూడా పడలేదు. అలా కట్టినా ఆ బాకీ సగానికి, అంటే 19,500 దగ్గరకు దిగడానికి 64 నెలలు పడుతుంది. అయిదేళ్ల నాలుగు నెలలు. ఈలోపు అతను కట్టిన మొత్తం దాదాపు 94,400. అందులో వడ్డీ, జీఎస్టీ కలిపి 75,000కి కాస్త తక్కువ. ఇంకా సగం బాకీ అలాగే ఉంది. ఏసీ వారంటీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

అదే మనిషి అదే 39,041 బాకీ మీద మినిమం అంకెను పట్టించుకోకుండా నెలకు ఖచ్చితంగా 4,000 కడితే ఏమవుతుంది? పదమూడో నెలకు అప్పు పూర్తిగా తీరిపోతుంది. చివరి నెల కట్టాల్సింది 3,000 చుట్టూనే. మొత్తం కట్టింది సుమారు 51,000. వడ్డీ, పన్ను కలిపి 12,000. మొదట్లో మినిమం దాదాపు 2,030 ఉంటుంది కాబట్టి, అదనంగా నెలకు రెండు వేల లోపు పెంచడమే ఈ తేడాకు కారణం. ఈ రెండు లెక్కల్లోనూ నెలకు 4.13 శాతం అని సులువుగా తీసుకున్నాం. నిజమైన బిల్లులో నెలలోని రోజుల సంఖ్యను బట్టి, కట్టిన తేదీని బట్టి కొద్దిపాటి తేడాలు వస్తాయి. తీరు మాత్రం మారదు.

అన్ని బ్యాంకులూ మినిమంను ఒకేలా లెక్కించవు. ఇక్కడ రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి తెలుసుకోవాలి. క్రెడిట్ కార్డులపై ఆర్‌బీఐ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో, మినిమం కడుతున్నా బాకీ పెరుగుతూ పోయే విధంగా షరతులు ఉండకూడదని చెప్పింది. కట్టని ఫీజులను, పన్నులను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదని కూడా చెప్పింది. అందుకని కొన్ని కార్డుల్లో ఆ నెల వడ్డీ, జీఎస్టీ, ఫీజులు మొత్తం మినిమంలో చేర్చి, వాటిపైన అసలులో కొద్ది శాతం కలుపుతున్నారు. అలాంటి కార్డయితే మన ఉద్యోగి రెండో బిల్లులో మినిమం 2,055 కాదు, 3,096కు పైనే ఉంటుంది. నెల కాగానే మినిమం అకస్మాత్తుగా పెరిగిందేమిటని కంగారు పడేవారికి సమాధానం ఇదే. ఈ పద్ధతి జేబుకు కష్టంగా అనిపించినా కార్డుదారుకు మేలైనది. అప్పు నిజంగా ఎంత ఖరీదో అది దాచిపెట్టదు. కార్డు మీద ఏదైనా ఈఎంఐ నడుస్తుంటే ఆ నెల ఈఎంఐ మొత్తం కూడా మినిమంలోకి వస్తుంది.

మినిమం కడితే ఏమీ లాభం లేదా అంటే, ఉంది. కట్టకపోతే లేటు ఫీజు పడుతుంది, అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోకు గడువు దాటిన ఖాతాగా సమాచారం వెళ్తుంది, రేపు ఇంటి లోను అడిగినప్పుడు ఆ మచ్చ కనిపిస్తుంది. మినిమం ఈ రెంటినీ ఆపుతుంది. అంతవరకే. వడ్డీని అది ఆపదు. మినిమం కట్టాను కాబట్టి ఈ నెల బిల్లు పని అయిపోయిందన్న భావన దగ్గరే చాలామంది నష్టపోతున్నారు.

ఇలాంటిదే మరో అపోహ మూడు రోజుల విషయంలో ఉంది. గడువు తేదీ దాటి మూడు రోజులకు మించి బాకీ ఉంటేనే లేటు ఫీజు వేయాలనీ, బ్యూరోకు గడువు మీరిందని తెలపాలనీ ఆర్‌బీఐ చెప్పింది. ఈ మూడు రోజులు వడ్డీ విషయంలో వర్తిస్తాయని అనుకోకూడదు. జూన్ 7 గడువు ఉన్న బిల్లును జూన్ 9న పూర్తిగా కట్టినా లేటు ఫీజు పడకపోవచ్చు, కానీ వడ్డీ లేని గడువు అప్పటికే పోయి ఉంటుంది. నెఫ్ట్ ద్వారానో, బయటి యాప్ నుంచో కట్టిన డబ్బు కార్డు ఖాతాలో జమ కావడానికి ఒక్కోసారి రోజో రెండు రోజులో పడుతుంది. గడువు ఆదివారమో, పండగ రోజో వచ్చినప్పుడు ముందే కట్టేయడం మంచిది.

వడ్డీ ఇంత ఎక్కువగా ఉండటానికి చట్టం ఒప్పుకుంటుందా అన్న ప్రశ్న కోర్టుల దాకా వెళ్లింది. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్, క్రెడిట్ కార్డు బాకీల మీద ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని తీర్పు ఇచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. వడ్డీ రేట్ల నియంత్రణ రిజర్వు బ్యాంకు పరిధిలోని విషయమని, కమిషన్‌కు ఆ పని లేదని తేల్చింది. ఆర్‌బీఐ అంకె రూపంలో పరిమితి పెట్టలేదు. కాబట్టి 42 శాతమో, 45 శాతమో ఎక్కువని ఫిర్యాదు చేస్తే బ్యాంకు తగ్గిస్తుందన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఫిర్యాదు నిలబడేది లెక్క తప్పినప్పుడు, బిల్లు సమయానికి పంపనప్పుడు, చెప్పని ఫీజు వేసినప్పుడు.

ఈ ఊబిలో ఎవరికీ తెలియకుండా దిగిపోయే దారి ఆటో డెబిట్. కార్డు తీసుకున్నప్పుడు ఫారంలోనో యాప్‌లోనో ఆటో పేమెంట్ పెట్టమంటారు. అక్కడ రెండు ఎంపికలు ఉంటాయి, మొత్తం బాకీ లేదా మినిమం. హడావిడిలో మినిమంకు టిక్ పెట్టేసినవారు, నెల నెలా ఖాతాలోంచి డబ్బు వెళ్తోంది కాబట్టి బిల్లు తీరుతోందనే అనుకుంటారు. లేటు ఫీజు పడదు, బ్యాంకు నుంచి ఫోను రాదు, సిబిల్ స్కోరు కూడా వెంటనే పడిపోదు. అలా నెలలు గడిచిపోతాయి. పరీక్షించుకోవడం తేలిక. బిల్లులో ఫైనాన్స్ చార్జెస్ అనే వరుస చూడాలి. అక్కడ సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా వడ్డీ లేని గడువు పోయిందని అర్థం. దాని కింద జీఎస్టీ వరుస కూడా ఉంటే ఇక సందేహమే లేదు.

ఇందులో పడినవారు బయటపడాలనుకున్నప్పుడు మరో అయోమయం ఎదురవుతుంది. మన ఉద్యోగి జూలై 8న ఎలాగోలా డబ్బు సర్దుకుని 41,096 మొత్తం కట్టేశాడనుకుందాం. జూలై 18 బిల్లు సున్నా రావాలి కదా. రాదు. దాదాపు 980 రూపాయలు ఉంటుంది. జూన్ 18 బిల్లులో వడ్డీ ఆ రోజు వరకే లెక్క కట్టారు. జూన్ 19 నుంచి జూలై 7 వరకు 19 రోజులు 38,000 బాకీ కొనసాగింది. దాని వడ్డీ 831, జీఎస్టీతో 980. ఈ మిగులు వడ్డీ చూసి మొత్తం కట్టినా మళ్లీ వేశారని గొడవ పడేవారు ఉన్నారు. గొడవ పడుతూ ఆ చిన్న మొత్తాన్ని కట్టకుండా వదిలేస్తే బాకీ తెగదు, గడువు దాటితే లేటు ఫీజు కూడా తోడవుతుంది. ముందు కట్టేసి, సందేహం ఉంటే తర్వాత వివరణ అడగడం తెలివైన పని.

ఒకేసారి మొత్తం తీర్చలేనివారికి ఉన్న మంచి దారి, ఆ బాకీని తక్కువ వడ్డీ అప్పుగా మార్చుకోవడం. పర్సనల్ లోను 16 శాతం వడ్డీకి దొరికిందనుకుంటే, 39,041కి ఏడాది కాలానికి ఈఎంఐ 3,542. ఏడాదిలో వడ్డీ దాదాపు 3,470, ప్రాసెసింగ్ ఫీజు అదనం. కార్డు మీదే నెలకు 4,000 కట్టినప్పుడు పోయిన 12,000తో పోల్చి చూడండి. కట్టే మొత్తం నెలకు ఇంకా తక్కువ, తీరే సమయం కూడా ఒక నెల తక్కువ. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోను సాధారణంగా ఇంతకన్నా చవక. నగ తాకట్టు పెట్టడం పరువు తక్కువని వెనకాడి, నాలుగు రూపాయల వడ్డీ కట్టడంలో అర్థం లేదు. బాకీని ఈఎంఐగా మార్చుకోమని కార్డు బ్యాంకు కూడా చెబుతుంది. ఆ రేటు సాధారణంగా 42 కన్నా బాగా తక్కువే. కానీ అందులోనూ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, ఫీజు ఉంటుంది. వాటిని కలిపి లెక్కేసుకున్నాకే పర్సనల్ లోనుతో పోల్చాలి.

ఏ దారి పట్టినా, బాకీ పూర్తిగా తీరేదాకా ఆ కార్డును సొరుగులో పెట్టేయాలి. నెల సరుకులు, పెట్రోలు డెబిట్ కార్డు మీదో యూపీఐ మీదో నడిపించుకోవాలి. లోను తీసుకుని కార్డు బాకీ తీర్చి, ఖాళీ అయిన లిమిట్‌ను మళ్లీ వాడుకోవడం మొదలుపెడితే అప్పులు రెండవుతాయి.

గడువు తేదీ జీతం తేదీకి ముందు పడటం వల్లే ఈ ఇబ్బంది వస్తుంటే దానికీ మార్గం ఉంది. జీతం 10న పడే ఉద్యోగికి 7న గడువు ఉంటే ప్రతి నెలా కటకటే. బిల్లింగ్ సైకిల్‌ను కనీసం ఒకసారి మార్చుకునే వీలు కార్డుదారులకు ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధనలు చెబుతున్నాయి. కస్టమర్ కేర్‌కు చెప్పి బిల్లు తేదీని 18 నుంచి 25కి మార్పించుకుంటే, గడువు 14, 15 తేదీల చుట్టూ పడుతుంది. అప్పటికి జీతం ఖాతాలో ఉంటుంది. మార్చిన నెలలో సైకిల్ మామూలు కన్నా పొడవుగానో, పొట్టిగానో ఉండొచ్చు కాబట్టి ఆ ఒక్క బిల్లులో తేదీలు జాగ్రత్తగా చూసుకోవాలి. తేదీ మార్చినంత మాత్రాన పాత బాకీ మీద వడ్డీ ఆగదు. మొత్తం కట్టి, మిగులు వడ్డీ కూడా తీర్చాక, ఫైనాన్స్ చార్జెస్ దగ్గర సున్నా ఉన్న బిల్లు చేతికి వచ్చేదాకా వడ్డీ లేని గడువు తిరిగి వచ్చిందని అనుకుని ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకూడదు.